అక్కమ్మ దయ అడగలేదు

మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదివినవాణ్ణి. అయినా రెండుసార్లు సర్పంచుగా చేశాను. ఉరవకొండ నుంచి మా ఊరికి బస్సు వేయించింది నా అర్జీ. పంటల బీమా రాని ఏడాది కలెక్టరేటుకు ముప్పై రెండు అర్జీలు నా చేత్తోనే రాశాను. ఒక్కటీ వెనక్కు రాలేదు. అందుకే బ్యాంకు విషయంలోనూ అక్కమ్మ నా దగ్గరికే వచ్చింది.

అక్కమ్మ మా ఊరి బస్సు స్టేజీ దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ అమ్ముతుంది. భర్త పోయి పదకొండేళ్లు. కూడబెట్టిన డబ్బుతో ఈ ఏడు మూడెకరాలు కౌలుకు తీసుకొని పప్పుశనగ వేయాలనుకుంది. అక్టోబరులో విత్తనం కొనాలి. ఆ డబ్బులోంచే పద్నాలుగు వేల ఎనిమిది వందల యాభై పోయింది.

సెప్టెంబరు 12, శుక్రవారం సాయంత్రం ఆమె ఫోనుకు మెసేజి వచ్చింది. మరునాడు పొద్దున నాకు చూపించింది. ఇంగ్లీషు అక్షరాలు కొన్నే వచ్చినా అంకెలు నాకు బాగా తెలుసు. ఆమె ఖాతాలో డబ్బు తగ్గినట్టు తెలిసింది. రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. కార్డు వెనకున్న నంబరుకు అప్పటికప్పుడే ఫోను చేయించి కార్డు ఆపించాను. ఏదో విదేశీ వెబ్‌సైటులో ఆ కార్డు మీద కొనుగోలు జరిగిందన్నారు. వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకున్నాను. మోసం మన తప్పు వల్ల కానప్పుడు, మెసేజి వచ్చిన మూడు పనిదినాల లోపల తెలిపితే ఖాతాదారు మీద భారం పడదని ఫోనులో చెప్పారు.

ఆదివారం కూర్చుని రాశాను. "కరువు ప్రాంతపు పేదరాలు, దిక్కులేని విధవ, తమరు దయతలచి" అని మొదలుపెట్టి చదివి వినిపించాను. అక్కమ్మ బజ్జీ తిప్పుతూనే వింది.

"ఏమన్నా, నేనేమన్నా బిచ్చమెత్తుతాండానా? నా దుడ్లు నేనడుగుతాండా. ఆ మాట తీసెయ్."

తీసేశాను. నా అర్జీల్లో ఆ వాక్యం లేకుండా రాసింది అదొక్కటే.

తరువాత వచ్చింది అసలు చిక్కు. కార్డు ఎప్పుడైనా ఎవరికైనా ఇచ్చావా అని అడిగాను. మా ఊళ్లో సగం మంది కార్డులు, రహస్య నంబర్లతో సహా, ఆటో బయ్యన్న జేబులోనే తిరుగుతాయి. ఉరవకొండ ఏటీఎంలో అతనే డబ్బు తీసి తెచ్చిస్తాడు. అక్కమ్మ కార్డు కూడా నెలకోసారి వెళ్లేది. ఆగస్టులోనూ వెళ్లింది.

"వాని పేరు రాయొద్దన్నా. వాడేం చేసినాడని? పోలీసులొస్తే వాని ఆటో పోతాది."

రాయకపోతే ఏమవుతుందో చెప్పాను. కార్డు ఎప్పుడూ నా దగ్గరే ఉందని రాస్తే, ఏటీఎం కెమెరాలో బయ్యన్న ముఖం కనపడుతుంది. ఒక్క అబద్ధం దొరికితే కాగితమంతా పక్కన పడేస్తారు. ఉన్నది రాస్తే, రహస్య నంబరు చెప్పడం నీ నిర్లక్ష్యమని డబ్బు ఇవ్వకపోనూ వచ్చు. ఇది ఆమె తేల్చుకోవలసిన మాట.

ఆమె మూకుడు దించింది.

"రాయి. వానికి నేనే చెప్తా."

ఉత్తరం ఇలా తయారైంది: "సెప్టెంబరు 12న సాయంత్రం ఏడు నలభైకి నా ఖాతా నుంచి రూ. 14,850 నా అనుమతి లేకుండా పోయినది. అప్పుడు కార్డు నా వద్దనే ఉన్నది. ఓటీపీ రాలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆగస్టులో డబ్బు తీయుటకు కార్డును, పిన్‌ను మా ఊరి బయ్యన్నకు ఇచ్చి అదే రోజు తిరిగి తీసుకున్నాను. 13న ఫోను ద్వారా కార్డు ఆపించాను. ఆ సొమ్ము నా ఖాతాలో తిరిగి జమ చేయవలెను. విదేశీ లావాదేవీలు ఆపి కొత్త కార్డు ఇవ్వవలెను. మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలుపవలెను." ఫిర్యాదు నంబరు, పాసుబుక్కు నకలు, మెసేజి ఫొటో జత చేశాము.

ఆ సాయంత్రమే ఆమె బయ్యన్నకు చెప్పింది. మరునాటి నుంచి అతను ఆటో స్టేజీ దగ్గర ఆపలేదు. అంతవరకు అతని ఆటోలో వచ్చే పిండి, నూనె డబ్బాలు ఆమె నెత్తిన మోసుకుంది.

సోమవారం ఉరవకొండ వెళ్లాము. అసిస్టెంటు మేనేజరు హరిత ఉత్తరమంతా చదివింది. బయ్యన్న గురించిన వాక్యం దగ్గర ఆగి, పిన్ చెప్పడం తప్పేనని అక్కమ్మను గట్టిగానే మందలించింది. అయితే ఈ కొనుగోలుకు పిన్ వాడారో లేదో పై ఆఫీసు చూస్తుందంది. ఇంకో ఫారం నింపించింది. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకున్నాను. ముప్పై రెండు అర్జీలకూ అలాగే చేశాను.

పది పనిదినాల లోపే సొమ్ము తాత్కాలికంగా జమైంది. విచారణ తేలేదాకా తీయడానికి లేదు. విత్తనం ధర పెరుగుతూ ఉంది. అక్టోబరు 24న బ్యాంకు నుంచి జవాబు వచ్చింది. కొనుగోలుకు పిన్ గానీ ఓటీపీ గానీ వాడలేదు, ఖాతాదారు బాధ్యత లేదు, జమ ఖాయం అని.

ఆ కాగితం పట్టుకొని అక్కమ్మ బయ్యన్న ఇంటికి వెళ్లింది. నేను వెంట వెళ్లలేదు. మరునాడు ఆమె విత్తనం బస్తాలకని అతని ఆటోలో ఉరవకొండ పోయింది. ఏటీఎం ముందు అతను ఆటోలోనే కూర్చున్నాడు. కొత్త కార్డుతో ఆమె ఒక్కతే లోపలికి వెళ్లింది. మొదటిసారి కదా, నంబరు రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి డబ్బు తీసుకొని బయటికొచ్చింది.