చెయ్యి పట్టుకోండి టీచర్

మా నాన్నది రామచంద్రపురం మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు. మెరిసే బిందెలు ముందు అద్దాల బీరువాలో ఉండేవి, సొట్టలు పడ్డవి వెనక గదిలో. ఏది జనం కంటపడాలో, ఏది పడకూడదో నాకు ఆ కొట్టే నేర్పింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ప్రైవేటు స్కూల్లో నర్సరీ టీచరుగా చేరినప్పుడు, నా దగ్గరున్న పెట్టుబడి ఆ తెలివే.

నర్సరీలో రెండు సెక్షన్లు. ఒకటి నాది. రెండోది ఆ జూన్‌లోనే నిడదవోలు వైపు నుంచి వచ్చిన కొత్త టీచరుది. సన్నంగా ఉండేది, నేత చీరలు కట్టేది, ఎవరితోనూ గొంతు పెంచేది కాదు. జనవరిలో పేరెంట్స్ మీటింగ్ అయ్యాక, తల్లిదండ్రులకి ఎవరి మీద నమ్మకం కుదిరితే వాళ్ళని నర్సరీ మొత్తానికి ఇన్‌ఛార్జిని చేస్తామని హెడ్‌మాస్టారు చెప్పారు. ఆ కుర్చీ నాకు కావాలి. ఎంత కావాలంటే, ఆవిడ టిఫిన్ క్యారియర్ అడుగున మా కొట్టు ముద్ర ఉంటే కూడా నాకు కడుపు మండేది. మా సరుకే కొని మా మీదే పోటీయా అని.

నా పద్ధతి సులువైనది. మూడున్నరేళ్ళ పిల్ల వెనక కూర్చుని, దాని గుప్పిట్లో పెన్సిలు పెట్టి, ఆ గుప్పిటని నా గుప్పిట్లో పెట్టుకుని 'అ' రాయించడం. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో పంతులుగారు చేయించేది అదే కదా, నేను రోజూ చేయిస్తున్నాను, అంతే తేడా. డిసెంబరుకల్లా నా గోడ నిండా అ, ఆ, ఇ, ఈలు. పిల్లలు సొంతంగా గీసిన పిచ్చిగీతలు మాత్రం వెనక గదిలోకి, అంటే నా బీరువా అడుగు అరలోకి పోయాయి.

ఆవిడ గోడ మీద మాత్రం ఆ పిచ్చిగీతలే! ఒక్కో పిల్లకి ఒక్కో వరస, తేదీల ప్రకారం. జూన్‌లో భుజమంతా ఊపి కాగితం చిరిగేలా గీసిన గీతలు. తర్వాత అటూ ఇటూ ఊగే గీతలు, సుడులు. ఆ తర్వాత మొదలుపెట్టిన చోటే వచ్చి కలిసిన గుండ్రాలు. వాటి కింద తల్లిదండ్రుల కోసం పెన్సిలుతో ఆవిడ రాత: "మొదటిసారి గుండ్రం మూసింది. 'ఇది మా గేదె' అని చెప్పింది."

"గేదెకి కాళ్ళేవండీ?" అన్నాను, నవ్వుతూనే.

"అది చెప్పాకే గేదె అయిందండి. గీసింది ఒకటి, చెప్పింది ఒకటి అయినా పర్వాలేదు. గీతకి అర్థం ఉంటుందని దానికి తెలిసింది, అదే పెద్ద మెట్టు."

'అమ్మకం తెలియని మనిషి' అనుకున్నాను. లోపల మాత్రం ఏదో గుచ్చుకుంది. ఆవిడ పిల్లలు కాగితం ఇవ్వగానే ఎగబడేవారు. నావాళ్ళు కాగితం ఇస్తే నా మొహం వంక చూసేవారు.

మీటింగ్ రోజున నేను అనుకున్నట్టే జనం నా గోడ దగ్గరే మూగారు. ద్రాక్షారామం దగ్గరి పల్లెటూరి నుంచి నా క్లాసులోని ఒక పిల్ల తాతయ్య వచ్చారు. పెద్ద రైతు. మనవరాలి 'అ' చూసి మురిసిపోయారు.

"ఏదమ్మా, తాతకి ఇప్పుడొకటి రాసి చూపించు."

ఆ పిల్ల పెన్సిలు తీసుకుంది. కాగితం ముందు కూర్చుంది. తర్వాత చెయ్యి వెనక్కి, నా వైపు చాపింది.

"చెయ్యి పట్టుకోండి టీచర్."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. తాతయ్య నవ్వలేదు. గోడ మీద 'అ' వంకా, నా వంకా మార్చి మార్చి చూశారు. "అయితే ఇవన్నీ మీరు రాసినవాండీ?" అని మాత్రం అడిగారు, చాలా మర్యాదగా. ఆ 'అండీ' నన్ను చంపేసింది.

అప్పుడొచ్చింది కొత్త టీచరు. పిల్ల ముందు తెల్ల కాగితం, ఒక లావు క్రేయాను పెట్టి, "నీకిష్టమైంది గియ్యమ్మా, ఎవరూ పట్టుకోరు" అంది. పిల్ల కాసేపు తటపటాయించింది. తర్వాత ఎడమ నుంచి కుడికి ఒక అలల గీత, దాని కింద ఇంకో గీత, మధ్యమధ్య చిన్న గుండ్రాలు. ఒక గుండ్రం నెత్తిన చిన్న కొక్కెం పెట్టింది.

"ఏం రాశావురా?" అన్నారు తాతయ్య.

"నీకు ఉత్తరం. 'తాతయ్యా, జామకాయలు తే' అని ఉంది."

"చూశారాండీ," అంది కొత్త టీచరు ఆయనతో, "వరస అయిపోయాక కిందికి దిగింది. రాత ఎడమ నుంచి కుడికి పోతుందని, రాసింది చదవొచ్చని దానికి తెలుసు. మన అక్షరాలన్నిట్లోనూ గుండ్రాలే కదండీ, ఆ గుండ్రం మూయడం వచ్చేసింది. ఆ కొక్కెం తలకట్టు చూసి పెట్టిందే."

"మరి 'అ' ఎప్పుడొస్తదండి?"

"తేదీ చెప్పలేనండి. ఒక్కో పిల్లది ఒక్కో నడక, ఒకడుగు వెనక్కేసినా కంగారు పడొద్దు. ఈలోగా ఇంట్లో పిండి ముద్దలు చేయనివ్వండి, వాకిట్లో ముగ్గుపిండి ఇచ్చి గియ్యమనండి. ఏం గీశావని అడగండి, దిద్దకండి."

ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నా 'అ' గోడ మీదే ఉండిపోయింది.

నా పిల్ల, నా క్లాసు, నా సరుకు. నేను దాచిపెట్టినదాన్ని ఆవిడ అద్దాల బీరువాలో పెట్టి అమ్మేసింది. ఆ వారంలోనే ఆవిడ ఇన్‌ఛార్జి అయింది. ఆ పూట ఇంట్లో అన్నం సయించలేదు. మా నాన్న అడిగితే తలనొప్పి అన్నాను.

అసూయ అనేది బేరం మానదు. మర్నాడే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. "మా నాన్నకి తెలిసినాయన కొట్లో మీకు చార్టు పేపర్లు తక్కువకి ఇప్పిస్తాను. తల్లిదండ్రులకి రాసే ఆ మాటలు నాకు నేర్పండి."

ఆవిడ నవ్వింది. "ఊరికే నేర్పుతానండి. పేపర్లు కూడా ఇప్పించండి."

బేరంలో కూడా ఓడాను.

ఆ పిల్ల గీతల కింద నేను మొదట రాసింది తీసుకెళ్ళి చూపించాను: "గీతలు మాత్రమే గీస్తుంది. అక్షరాలు ఇంకా రాలేదు. కృషి అవసరం." ఆవిడ మూడు వాక్యాలూ కొట్టేసింది.

"లేనిది ఎందుకండీ రాయడం? కాగితం మీద ఉన్నది రాయండి. పిల్ల ఏమందో రాయండి. ఇంట్లో ఏం చేయాలో ఒక్క మాట. 'బాగుంది' కూడా వద్దు, ఏది బాగుందో వాళ్ళకి తెలీదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే అది నాకు తెలిసిన సంగతే. మా నాన్న కొట్లో 'లేదు' అనే మాట నిషిద్ధం. అడిగిన గిన్నె లేకపోతే, ఉన్న గిన్నె చేతికిచ్చి దాని అంచు చూపించేవాడు. ఆ కొట్లో పెరిగిన నాకు ఆవిడ చెప్పాల్సి వచ్చింది!

మార్చిలో ఆ పిల్ల తనంతట తానే ఒక వరస రాసింది. ఆ కాగితం కింద నేను నాలుగుసార్లు చెరిపి రాశాను: "ఎవరూ చెయ్యి పట్టుకోకుండా రాసింది. గుండ్రాలు, కొక్కేలు ఉన్నాయి. చివరిది 'త'లా ఉంది, అద్దంలోలా అటు తిరిగి ఉంది. ఈ వయసులో అది మామూలే, దిద్దనక్కర్లేదు. 'తాతయ్య పొలానికెళ్ళాడు' అని చదివింది. మీరూ చదివించుకోండి."

వారం తర్వాత తాతయ్య పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చారు. చేతిలో అదే కాగితం, మడతల దగ్గర మాసిపోయి ఉంది.

"చదివించుకున్నామండి. రోజుకో మాట మార్చి చదువుతోంది," అని నవ్వి, పక్క క్లాసు వైపు చెయ్యి చూపించారు. "ఎంత బాగా రాశారండీ, ఆ టీచరు గారు!"

"కాదండీ, నేనే రాశాను!"

ఎంత గట్టిగా అన్నానంటే, పక్క గదిలో కొత్త టీచరు తలెత్తి చూసింది. అక్కడిదాకా వినపడాలనే అన్నాను.