ఖాళీగా వచ్చిన లారీ

కడపలో అయిదు లారీలున్న ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాసేవాణ్ణి. ఒక టన్ను సరుకును ఒక కిలోమీటరు మోస్తే ఎంత ఖర్చవుతుందో తేల్చడం నా పని. దాన్ని బట్టే ఓనరు బాడుగ చెప్పేవాడు. నా లెక్కంటే ఆయనకు గురి. నాకైతే పొగరు.

మామిడి కాలంలో బనగానపల్లె నుంచి కాయలు పోయేవి, తిరుగులో ఎరువు బస్తాలు వచ్చేవి. రెండు పక్కలా లోడే కాబట్టి, పోనూ రానూ దూరాన్ని టన్నులతో హెచ్చవేసేవాణ్ణి. తర్వాత నాపరాళ్ల బాడుగ వచ్చింది. ఇరవై టన్నులు, నూట ఇరవై కిలోమీటర్లు. పోయి రావడానికి డీజిలు, డ్రైవరు బత్తా, టైర్లు, లారీ అప్పు కంతు అన్నీ కలిపి తొమ్మిది వేల ఆరువందలు. పాత అలవాటుకొద్దీ రెండు వందల నలభైతో హెచ్చవేసి, నాలుగు వేల ఎనిమిది వందల టన్ను కిలోమీటర్లన్నాను. రెండు రూపాయలు తేలింది. ఓనరు రెండు రూపాయల నలభై పైసలకు బాడుగ ఒప్పుకున్నాడు.

కానీ రాళ్లు దించిన లారీ ఖాళీగా వచ్చేది. మోసింది సగమే. అసలు ఖర్చు నాలుగు రూపాయలు.

నెల తిరిగేసరికి నష్టం తేలి, ఓనరు ఆ లారీ డ్రైవరును పిలిచాడు. పన్నెండేళ్లుగా ఆ బండి నడిపిన మనిషి.

“లెక్కలో రెండు, బండి తినింది నాలుగు. డీజిలు యాడ అమ్ముకుంటాండావప్పా?”

కోపంలో ఉన్నవాడు లీటర్లు లెక్కపెట్టడు. లెక్కపెట్టాల్సింది నేను. డ్రైవరు నా వైపు తిరిగాడు.

“సార్, మీరన్నా చెప్పండి. నేనట్లాటోన్నా?”

“లెక్క అట్లే చూపిస్తాండాది” అన్నాను.

డ్రైవరు తాళాలు బల్లమీద పెట్టి పోయాడు.

మర్నాడు ట్రిప్పు కాగితాలు తిరగేశాను. ప్రతిదాని కిందా ఆయన చేతిరాత: తిరుగు ఖాళీ. నెలంతా వాటిని చూడకుండానే ఫైల్లో పెట్టాను. లెక్క దిద్దాను. ఓనరుతో మాత్రం ఖర్చులు పెరిగాయి, బాడుగ పెంచాలి అని చెప్పాను. ఆయన నమ్మాడు. నా ఉద్యోగం నిలబడింది. డ్రైవరుకు పడిన దొంగ పేరు అలాగే ఉండిపోయింది. అది పిరికితనమని నాకు ఆ రోజే తెలుసు.

మొన్న ఊరి బయటికి పోవాల్సి వచ్చి, బస్టాండు దగ్గర ఆటో ఎక్కితే, తోలేది ఆ డ్రైవరే. “బాగుండారా సార్?” అని నవ్వాడు. నా తల వంగిపోయింది. దిగేటప్పుడు ఎంతన్నాను.

“మూడు నూర్లు సార్. ఏమనుకోవాకండి, ఆడ తిరుగు సవారీ దొరకదు. ఖాళీగా రావల్ల గదా, ఆ ఖర్చు గూడా దీంట్లోనే పడల్ల.”

ఆ మాట నన్ను పొడవడానికి అన్నది కాదు. నా లెక్క తప్పిన సంగతి ఆయనకు తెలియదు. మూడు నూర్లూ ఇచ్చాను. చెప్పాల్సిన మాట అప్పుడూ చెప్పలేదు. ఖాళీ ఆటో వెనక్కి తిప్పుకుని ఆయన వెళ్లిపోయాడు.