ఇవ్వని ఉత్తరం

విజయనగరం నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో అద్దెకుంటున్న రోజుల్లో, సికింద్రాబాదులో ఒక పెట్రోలు బంకులో లెక్కలు రాసేదాన్ని. ఊరంతా సాఫ్ట్‌వేర్ కంపెనీల హోరు. ఆ ఉద్యోగులను ఇళ్ళ నుంచి ఆఫీసులకు చేరవేసే వ్యాన్లు మా దగ్గర వారం వారం అప్పు మీద డీజిల్ పోయించుకునేవి.

చిలకలగూడలో ఉండే ఒకాయనకు అలాంటి వ్యాను ఒక్కటే ఉండేది. ఫైనాన్సు మీద కొన్నాడు, తనే నడిపేవాడు. కంపెనీ డబ్బు ఆలస్యం చేసినప్పుడల్లా మా బాకీ కూడా ఆగేది. అయినా ఎగ్గొట్టే మనిషి కాదు.

ఒకసారి కంపెనీ డబ్బు మొత్తంగా పడింది. నవ్వుతూ వచ్చి కార్డు బల్ల మీద పెట్టాడు.

"అక్కా, మొత్తం గీకెయ్. ఇయ్యాల మీ బాకీ సాఫ్."

పద్దెనిమిది వేల నాలుగొందలు. కార్డు గీకాను. ఫోను తీగతో నడిచే మెషీను చాలాసేపు గరగరలాడి, 'జవాబు రాలేదు, మళ్ళీ ప్రయత్నించండి' అని చీటీ ముద్రించింది. మళ్ళీ గీకాను. ఈసారి సరైన చీటీ వచ్చింది. సంతకం పెట్టి వెళ్ళాడు.

అయిదో రోజు పాస్‌బుక్కు పట్టుకొచ్చాడు. తెరిచి నా ముందు పెట్టాడు.

"రెండుసార్లు కోసిన్రక్కా. ఫైనాన్సోళ్ళకిచ్చిన చెక్కు బౌన్సయింది. ఇంతకుముందే రెండు పోయినయ్. ఇది మూడోది, ఇగ బండి గుంజుకపోతరు."

పాస్‌బుక్కులో ఒకే తేదీన, ఒకే మొత్తం, రెండు వరుసలు. కార్డు గీకిన రోజు సాయంత్రం మా మెషీను ముద్రించిన మొత్తాల కాగితం వెతికి తీశాను. అందులో అతని అమ్మకం ఒక్కటే ఉంది. మా ఖాతాలో పడిందీ ఒక్కటే. మొదటిసారి గీకినప్పుడు మా మెషీను అడిగిన మాట అతని బ్యాంకు దాకా వెళ్ళింది, అక్కడ డబ్బు కోసేశారు. జవాబు మాత్రం తిరిగి రాలేదు. ఆ డబ్బు మా దగ్గర లేదు, అతని దగ్గరా లేదు.

అతను బ్యాంకుకు పోయి ఫిర్యాదు కాగితం నింపాడు. జవాబు రాలేదన్న మొదటి చీటీ జిరాక్సు నేనే ఇచ్చాను. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

"పెట్రోలు బంకోళ్ళు 'మాకు ఒక్కసారే ముట్టింది' అని రాసిస్తే జల్ది అయితదని బ్యాంకుల అంటున్నరు. లేకుంటే మా బ్యాంకోళ్ళు మీ బ్యాంకుకు రాయాలె, ఆళ్ళు జవాబియ్యాలె, నెలన్నర పడ్తదంట. ఒక్క లెటరియ్యక్కా."

యజమానిని అడిగాను. ఆయన కోస్తా నుంచి వచ్చి కష్టపడి బంకు పెట్టినవాడు, కాగితమంటే భయం.

"సంతకం పెట్టావంటే రేపు తప్పు మన మెషీనుదే అంటారమ్మా. బ్యాంకులూ బ్యాంకులూ చూసుకుంటాయి. నువ్వు దూరకు."

"డబ్బు మనకు రాలేదన్నదే కదండీ రాయాల్సింది."

"చెప్పింది విను."

విన్నాను. మా ఆయనకు అప్పుడు ఉద్యోగం లేదు. బయటికొచ్చి, "సార్ ఒప్పుకోలేదన్నా," అన్నాను. అతను గొడవ పడలేదు. బంకు ముద్ర నా సొరుగులోనే ఉండేది. రాయాల్సింది నాలుగు వాక్యాల కాగితం. అతను మరో రెండుసార్లు వచ్చాడు. రెండోసారి లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి నా ముఖం చూసి వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం ఇంకో డ్రైవరు చెప్పాడు: రెజిమెంటల్ బజార్ దగ్గర ఫైనాన్సు మనుషులు వ్యాను ఆపి, లోపలున్న ఆఫీసు ఆడపిల్లలను రోడ్డు మీద దించి, తాళాలు లాక్కుని తీసుకుపోయారట.

ఆ మధ్యాహ్నం యజమాని భోజనానికి వెళ్ళగానే ఉత్తరం రాశాను. ఆ సాయంత్రపు కాగితం నకలు జతచేసి, ముద్ర వేసి, సంతకం పెట్టి, నేనే నడిచి వెళ్ళి అతని బ్యాంకులో ఇచ్చాను. పదిరోజుల్లోపే అతని డబ్బు ఖాతాలో తిరిగి పడింది. యజమానికి ఏ బ్యాంకు నుంచీ ఫోను రాలేదు. నా ఉద్యోగమూ పోలేదు.

అప్పటికి ఫైనాన్సు వాళ్ళు వ్యాను అమ్మేశారు. పాత వాయిదాలు, బండి పట్టుకుపోయిన ఖర్చులు కలిపితే అతనే ఇంకా బాకీ అని తేల్చారు.

కొన్ని నెలల తర్వాత వేరేవాళ్ళ వ్యాను నడుపుతూ మా బంకుకు వచ్చాడు. నేను బయటికి పరుగెత్తి, "అన్నా, నేను ముందే రాసివ్వాల్సింది," అన్నాను.

"గదంతా ఎందుకక్కా ఇప్పుడు," అన్నాడు. గొంతులో కోపం లేదు, పాత చనువూ లేదు. "ఓనరు బిల్లు అడుగుతడు. జెర లీటర్లు సక్కగ కనబడేటట్టు రాయి."

రాసిచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని బండి తీశాడు.