మగ్గం అక్కకు నేను చేసిన వెబ్‌సైట్

సూర్యాపేటలో వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. అందరికీ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే చేసేవాణ్ణి. ఫొటోనో అక్షరాలనో వేలితో లాగి, కావలసిన చోట వదిలితే పేజీ తయారైపోయే బిల్డర్లంటే నాకు చులకన. అవి పని రానివాళ్లకని వెక్కిరించేవాణ్ణి. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

ఆ పొగరు పెరగడానికి కోదాడలో ఉండే ఒక రిటైర్డ్ సారు కూడా కారణమే. పోటీ పరీక్షల పిల్లల కోసం ఆయన రాసిన పాఠాలు వందలున్నాయి. అవి సబ్జెక్టుల వారీగా ఉండాలి, వెతికితే దొరకాలి, కొన్ని లాగిన్ అయినవాళ్లకే కనపడాలి. వర్డ్‌ప్రెస్ ఆయనకు అతికినట్టు సరిపోయింది. ఆదివారం ఆదివారం బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో దాచుకునేవారు. సైటును నడిపే హోస్టింగ్ కంపెనీ నచ్చకపోతే, ఒక్క పాఠం పోకుండా సైటంతా వేరే చోటికి మార్చుకున్నారు.

"ఇది నా సొంతమయ్యా. ఎక్కడికైనా పట్టుకుపోతాను" అన్నారు. బిల్డర్‌లో చేసి ఉంటే ఆ కంపెనీని వదిలిన రోజు సైటును మళ్లీ మొదటినుంచి కట్టుకోవాల్సి వచ్చేది.

సారుకు కుదిరింది కాబట్టి అందరికీ కుదురుతుందనుకున్నాను. అప్పుడే మిర్యాలగూడ నుంచి ఒకామె ఫోన్ చేసింది. చుట్టం కాదు గానీ, నేను అక్కా అనేవాణ్ణి. ఏళ్ల తరబడి ఇంకొకరి దుకాణంలో జాకెట్ల మీద మగ్గం పని చేసి, కొత్తగా తనే సొంత దుకాణానికని ఒక మడిగె కిరాయికి తీసుకుంది. ఇక ఎవరి కిందా పనిచేయకూడదన్నదే ఆమె పంతం. సైటులో ఆమెకు కావలసింది ఒక్కటే: ఆ రోజు పూర్తయిన జాకెట్టు ఫొటో సాయంత్రం తనే పెట్టుకోవాలి.

వర్డ్‌ప్రెస్ సొంతిల్లు లాంటిదని, బిల్డర్ కిరాయి ఇల్లని నేను ఉపన్యాసం ఇచ్చాను.

"నాకు కిరాయి ఇల్లే మంచిగుంటదేమో తమ్మీ. నల్లా కరాబైతే ఓనరే సూసుకుంటడు గద."

నవ్వి కొట్టిపారేశాను. థీమ్, అదనపు పనుల కోసం తగిలించే ప్లగిన్లు పద్నాలుగు, ఆమె అడగని ఆన్‌లైన్ దుకాణం, అన్నీ పెట్టిచ్చాను. వాటిని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవడం సొంతదారు బాధ్యతేనని తెలిసి కూడా, ఎలా చేయాలో నేర్పలేదు. ఫొటో మార్చడానికి రెండుసార్లు ఫోన్ చేస్తే, "ఏది పడితే అది నొక్కకు అక్కా" అని విసుక్కున్నాను.

ఇంకో తప్పు నా అలవాటులోనే ఉంది. ఎవరి సైటుకైనా, హెచ్చరికలు వచ్చే అడ్మిన్ ఈమెయిల్‌గా నాదే ఇచ్చేవాణ్ణి. సైట్ల నుంచి వచ్చే మెయిళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో పడేవి. నేను దాన్ని తెరిచేవాణ్ణి కాదు.

శ్రావణం వెళ్లాక వేరే పని మీద మిర్యాలగూడ వెళ్లి ఆమె మడిగె దగ్గర ఆగాను. షట్టర్ వేసి ఉంది. పక్కవాళ్లు చెబితే ఆమె మునుపు పనిచేసిన పాత దుకాణానికి వెళ్లాను. అక్కడ మగ్గం ముందు వంగి పూసలు కుడుతోంది.

"నేనే కరాబ్ జేసిన తమ్మీ" అంది తల ఎత్తకుండానే. "ఎర్ర సుక్కల అంకెలు కనవడ్డయి. అప్‌డేట్ అంటే మంచిదేమో అని అన్నీ నొక్కిన. ఇగ తెల్ల పేజీ అచ్చింది."

"ఫోన్ చేయొచ్చు కదా అక్కా?"

"నొక్కొద్దని నువ్వు జెప్పినవ్ గద. ఏ మొఖం పెట్టుకొని చెయ్యాలె?"

పెళ్లిళ్ల సీజనంతా సైటు అలాగే ఉంది. ఆమె విజిటింగ్ కార్డు మీదా, వాట్సాప్ స్టేటస్‌లోనూ ఆ లింకే. తెరిచినవాళ్లకు సైటులో తీవ్రమైన లోపం ఉందన్న ఒక్క ఇంగ్లీషు వాక్యమే కనపడింది. దుకాణం ఎత్తేసిందేమో అనుకున్నారట. గిరాకీ లేక మడిగె వదిలేయడంతో చివరికి అదే నిజమైంది.

నా ఫోన్‌లో ఆ మెయిళ్ల ఫోల్డర్ తెరిచాను. సైటు ఆగిన రోజే మెయిల్ వచ్చింది. ఏ ప్లగిన్ వల్ల చెడిందో, లోపలికి వెళ్లి సరిచేయడానికి ఏ లింకు నొక్కాలో అందులో రాసి ఉంది. పది నిమిషాల పని. ఆమెకు చెప్పకుండానే ఆ ఫోల్డర్ మూసేశాను. అంత పిరికివాణ్ణని అప్పుడే నాకు తెలిసింది.

సిగ్గు చంపుకోలేక, ఆమె ఫోన్‌లోనే ఒక బిల్డర్ తెరిచి ఇచ్చాను. ఖాళీ పేజీ, పక్కన ఫొటో పెట్టె, అక్షరాల పెట్టె. ఎలా వాడాలో నేను చెప్పలేదు. ఒక నెమలి జాకెట్టు ఫొటోను వేలితో పైకి లాగింది, నచ్చక పక్కకు జరిపింది. పొరపాటున ఒకటి పోతే వెనక్కి తిరిగిన బాణం గుర్తు నొక్కి తెచ్చుకుంది. నాకు తెప్పించిన టీ చల్లారేలోపు పేజీ తయారైంది. నా పద్నాలుగు ప్లగిన్ల సైటు కన్నా అందంగా ఉంది.

"గింత అల్కనా ఇది?" అని మొదటిసారి నవ్వింది. కింద చిరునామా రాసే పెట్టె దగ్గర వేలు ఆగిపోయింది. దుకాణం ఓనరు వింటున్నాడేమోనని ఒకసారి వెనక్కి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"గీడ ఏ దుకాణం రాయాలె తమ్మీ?"