మూటలు మోసింది నేల

మా మామగారి కాలంలో ఆ గోడౌను నిండా చింతపండు మూటలే. తల ఎత్తి చూడాల్సినంత ఎత్తుకు పేర్చేవాళ్లు. తమిళనాడు ధర్మపురిలో మా వీధి మొదట్లోకి వచ్చేసరికే ఆ పులుపు వాసన తగిలేది. వ్యాపారం ఆగిపోయాక దానికి తాళం పడింది. మా కోడలు దాన్ని ఇల్లుగా మారుస్తానన్నప్పుడు నాకు నవ్వొచ్చింది.

కోడలు ఇళ్లకు ప్లాన్లు గీస్తుంది. బెంగళూరులో ఒకరి కింద పనిచేసి, ఇక సొంతంగా చేసుకుంటానని వచ్చింది. ఈ ఇంటిని చూసి నలుగురూ తనకు పని ఇస్తారని ఆశ. గోడల పూత గీకించి, లోపలి ఎర్ర ఇటుకను మెల్లగా బ్రష్షుతో రుద్దించింది. సందులను మళ్లీ సున్నంతోనే నింపించింది. సిమెంటు పెడితే చెమ్మ బయటికి పోలేక పాత ఇటుక పొడిపొడి అవుతుందట. ఒక పక్క పడకకు అటకలాంటి మేడ కట్టించింది, దాని స్తంభాలు దానికే ఉన్నాయి. మిగతా హాల్లో ఒక్క స్తంభం కూడా ఉండకూడదని ఆమె పట్టుదల.

కప్పు కింద ఇనుప కమ్మీలను ముక్కోణాలుగా బిగించిన చట్రాలున్నాయి. ట్రస్సులంటారు. అవి రేకులు మోయడానికే, వాటికి ఏదీ వేలాడదీయవద్దని కోడలు అందరికీ చెప్పింది. నాకూ చెప్పింది. నేను తల ఊపాను.

రేకుల మధ్య ఒకచోట అద్దంలాంటి రేకు వేయించింది. పొద్దెక్కితే అందులోంచి ఎండ ఏటవాలుగా దిగేది. ఇటుక దుమ్ము ఆ వెలుగులో మెల్లగా తిరుగుతుండేది. మా అమ్మ ఇచ్చిన ఊయల పలక వెనక గదిలో ఊరికే పడి ఉంది. దాన్ని ఆ వెలుగులో వేసుకుని కూర్చోవాలని నా మనసు లాగింది.

కోడలు కిటికీల పని మీద సేలం పోయిన రోజు వెల్డింగు చేసే అబ్బాయిని పిలిచాను. అతను పైకి చూసి, కోడల్ని అడిగి చేస్తానన్నాడు. నేను వినకపోతే, పోనీ కమ్మీలు కలిసే ముడి దగ్గర కడతానన్నాడు. అక్కడ ఎండ పడదు. రెండు ముడుల నడుమే కావాలన్నాను.

"ఇన్ని మూటలు మోసిన గోడౌను, నన్ను మోయదా?" అన్నాను.

పెద్దదాన్ని, ఇంటిదాన్ని. అతనేం మాట్లాడతాడు? కట్టి పోయాడు.

మధ్యాహ్నం కంబైనల్లూరు నుంచి మా చెల్లెలు, దాని కోడలు వచ్చారు. ముగ్గురం కూర్చుని ఊగాం. పైన కిర్రుమంది. నా ఒళ్లో తుప్పు పొలుసులు రాలాయి.

"నువ్వు బరువైపోయినావక్కా," అంది చెల్లెలు.

నవ్వుతూనే దిగి పైకి చూశాను. కింది కమ్మీ తడిబట్టలు ఆరేసిన తాడులా వంగి ఉంది.

కోడలు రాగానే నేనే చెప్పాను. ఆమె నిచ్చెనెక్కి, ఎంత వంగిందోనని కమ్మీ పొడవునా దారం లాగి చూసింది. దిగి చేతులు దులుపుకుంది.

"మూటలు మోసింది నేల అత్తా, కప్పు కాదు," అంది. అంతే.

ఇంజనీరు వచ్చి, కొత్త కమ్మీ తయారయ్యేదాకా ట్రస్సు కింద ఆసరాగా స్తంభంలాంటి ఇనుప జాకీ నిలబెట్టమన్నాడు. అది సరిగ్గా హాలు నడిమధ్య నిలిచింది. ఆ వారమే సేలం నుంచి భార్యాభర్తలు ఇల్లు చూడడానికి వచ్చారు. వాళ్లకూ ఒక పాత గోడౌను ఉంది. ఇటుకను చేత్తో తడిమారు, వెలుగును చూసి సంతోషపడ్డారు. తర్వాత ఆయన జాకీ వైపు చూపించి ఇదేమిటన్నాడు.

నేను కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"నా లెక్క తప్పింది. సరిచేస్తా ఉన్నాము," అంది కోడలు తమిళంలో.

కాఫీ ఇచ్చాను. వాళ్లు ఫోను చేస్తామని చెప్పి పోయారు. చేయలేదు. ఆ పని ఇంకొకరికి ఇచ్చారని తర్వాత తెలిసింది.

ఒకరోజు వంటింట్లో ఉండబట్టలేక అడిగాను, నా పేరెందుకు చెప్పలేదని.

"చెప్తే ఏమనుకుంటారు అత్తా? సొంత ఇంట్లోనే దీని మాట వినలేదు, మా ఇంట్లో ఎవరు వింటారు అనుకోరా? అదే పెద్ద తప్పు అయ్యేది," అంది ఉల్లిపాయలు తరుగుతూ. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

పాత ఇనుము వెల్డింగును తట్టుకుంటుందో లేదోనని, కొత్త కమ్మీని పాతదాని పక్కనే పెట్టి రెండు ముడుల దగ్గరా బోల్టులు బిగించారు. జాకీ తీసేశారు. నేల మీద దాని పాదం ముద్ర అరచేయంత మిగిలింది. ఊయలకు విడిగా చట్రం చేయిస్తానని కోడలు అంది. వద్దన్నాను. ఆ పలక గోడకు ఆనించి ఉంది.

పొద్దెక్కి ఎండ దిగినప్పుడు కోడలు ఆ వెలుగులో చాప వేసుకుని ప్లాన్లు గీస్తుంది. ఫోను మోగితే నేనూ తలెత్తుతాను. సేలం వాళ్లేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.