టూ పెట్టినవాడికి భోంగా

ఆ రోజుల్లో భిలాయి సెక్టర్ 2లో ఇంగ్లీషు తెలిసినవాళ్ళు ఇద్దరే ఉండేవారు. ఒకడిని నేను. రెండోవాడెవరో నాకిప్పటికీ తెలియదు. నేనొక్కణ్ణే అంటే కోతలంటారని ఇద్దరని రాశాను. బి.ఏ. పాసయ్యాక భారతదేశంలోని ఉద్యోగాలన్నీ నన్ను చూసి పక్కవీధిలోకి తప్పుకున్నాయి. దాంతో మా నాన్న క్వార్టరు వరండాలో ట్యూషను పెట్టాను. ఆ వరండాలో నలుగురు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే అయిదోవాడి మోకాళ్ళు సెక్టర్ 4లో తేలేవి.

తొంభైల నడిమి మాట ఇది. స్టీలు ప్లాంటులో టైమాఫీసు గుమాస్తా పోస్టులకి కార్మికుల్లోంచే కొందరిని తీసుకునేవారు. దానికో రాతపరీక్ష. ఫ్యాను కింద కుర్చీ, ఎదురుగా హాజరుపట్టీ, జేబులో నీలం పెన్ను. నిప్పుల మధ్య పనిచేసేవాడికి ఆ కుర్చీ ఇంద్రపదవి. లెక్కలు ఎలాగో గట్టెక్కేవారు కానీ ఇంగ్లీషులో ఖాళీలు పూరించే దగ్గర క్రేన్లు నడిపినవాళ్ళు కూడా వణికేవారు. పొద్దుటి ఏ షిఫ్టు దిగి, స్నానం చేసి, నాలుగింటికల్లా నా వరండాకి వచ్చేవారు. వాళ్ళందరికీ నలభై దాటాయి. నాకు ఇరవై మూడు. నలభై ఏళ్ళవాణ్ణి నిలబెట్టి తప్పు చెప్పించడంలో ఉన్న రుచి నాకప్పుడే తెలిసింది. మీకు తెలియకపోతే అది మీ అదృష్టం.

వాళ్ళలో పెద్దవాణ్ణి నేను బాబాయి అనేవాణ్ణి. మా నాన్నది, ఆయనది బొబ్బిలి పక్క ఒకే ఊరు. బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ తలుపుల దగ్గర ఇరవై రెండేళ్ళు పొగ మింగిన మనిషి. ఆయన దగ్గితే మా వంటింట్లో గిన్నెలు పేర్లు చెప్పుకునేవి. గ్యాసుకి దూరంగా ఉండకపోతే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు చెప్పేశాడు. పరీక్షకి వయసు పరిమితి ఉంది. ఆయనకి అదే ఆఖరి ఏడు.

పిన్ని మొదటిరోజే వచ్చి ఆయన్ని నాకు ఒప్పచెప్పింది. "బాబూ, ఈ పరీచ్చ గాని పాసయితే మీ బాబాయి ఆ దగ్గేదో కుర్చీలో కూకోని దగ్గుతాడు. నీ సేతుల్లో ఉంది."

నా చేతుల్లో ఉంది. విన్నారుగా.

నల్లబల్ల మీద అయిదు క్రియలు రాశాను. లెట్, మేక్, హెల్ప్, సీ, హియర్. "వీటి తర్వాత మనిషి వస్తాడు, ఆ మనిషి తర్వాత క్రియ ఒంటిమీద బట్ట లేకుండా వస్తుంది. ముందు టూ ఉండదు, వెనక ఎస్ ఉండదు, ఈడీ ఉండదు. హెల్ప్ ఒక్కటే రెండిళ్ళ చుట్టం. టూ పెట్టినా ఒప్పే, పెట్టకపోయినా ఒప్పే. సీ, హియర్ల తర్వాత ఐఎన్‌జీ కూడా రావచ్చు, పని నడుస్తుండగా చూస్తే. మొదలు నుంచి చివరిదాకా చూస్తే మాత్రం ఒట్టి క్రియే."

తర్వాత ఖాళీ రాశాను. "ఐ సా ది మేనేజర్ డాష్ ది రోడ్." పక్కన బ్రాకెట్లో క్రాస్.

"టూ క్రాస్," అన్నాడు బాబాయి, ఛాతీ విరుచుకుని.

"టూ రాదని ఇప్పుడే కదా చెప్పాను బాబాయ్."

"అలగంటే ఎలగ బాబూ? మేనేజరుగారు రోడ్డు దాటితే ఒట్టి క్రాస్ అనీడమేటి, కుక్క దాటినట్టు? టూ అంటే మన గారు లాటిది. మర్యాద."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు క్రేన్ ఆపరేటరు. భిలాయి పక్కనే కోహ్కాలో సొంతిల్లు కట్టుకున్నవాడు, మీసం, నాలిక, రెండూ వాడిగా ఉన్న మనిషి. "అరే పెద్దన్నా, నీ మర్యాద తగలెయ్య! ఈ లెక్కన దొంగోడు దాటితే ఒట్టి క్రాసు, ఆఫీసరు దాటితే టూ క్రాసు, జనరల్ మేనేజరు దాటితే టూటూ క్రాసా?"

నా బుర్రలో ఆ క్షణంలోనే ఆ దిక్కుమాలిన ఆలోచన మొలిచింది. షిఫ్టు మారేటప్పుడు ప్లాంటు సైరను కూస్తుంది కదా, దాన్ని భిలాయిలో భోంగా అంటారు. పురిట్లో పిల్ల కూడా దానికి అలవాటుపడే పుడుతుంది. ఇకనుంచి టూ పెట్టకూడని చోట ఎవరు టూ పెట్టినా మిగతావాళ్ళంతా నోటితో భోంగా కూయాలని శాసనం చేశాను. నేను చెయ్యెత్తితే మొదలు, దించితే ఆఖరు.

మొదటి భోంగాకి ఎదురింటి కుక్క ఊరు విడిచిపోయింది. రెండోదానికి నిద్రలో ఉన్న పక్కింటాయన రాత్రి షిఫ్టుకి టైమయిందనుకుని చెప్పులు తొడుక్కున్నాడు. భోంగాలన్నీ దాదాపు బాబాయి వంతుకే వచ్చాయి. మిగతావాళ్ళు రెండు రోజుల్లో నేర్చేశారు. బాబాయికి మాత్రం మర్యాద చావలేదు. నోరు తెరిస్తే టూ, టూ వస్తే భోంగా. వారం తిరిగేసరికి సందులో పిల్లలు ఆయన సైకిలు కనపడితే చాలు, కూసేవారు. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూసి మేం ఇంకా కూసేవాళ్ళం.

మూడో వారానికి మందు పట్టింది. ఆయన నోట్లో టూ చచ్చిపోయింది. ఖాళీ దగ్గరికి వస్తే కళ్ళు మూసుకుని, టూని మింగేసి, ఒట్టి క్రియ కక్కేవాడు. "ఐ వాంట్ డాష్" దగ్గర కూడా మింగేశాడు. అక్కడ టూ కావాలని చెప్పి రాయించాను. రాశాడు కానీ, భోంగా వస్తుందేమోనని చుట్టూ చూశాడు.

తర్వాత వచ్చిన రోజు గురించే నేను ఇదంతా రాస్తున్నది.

ఆ రోజు పాఠం అసలు కొత్తది. మేక్ వాక్యాన్ని తిరగేసి, చేయించినవాణ్ణి దాచేసి, చేసినవాణ్ణి ముందుకు తెస్తే, బయటికి గెంటేసిన టూ మళ్ళీ లోపలికి వస్తుంది. "దే మేడ్ హిమ్ వెయిట్"లో టూ లేదు. "హి వజ్ మేడ్ టూ వెయిట్"లో ఉంది. సీ, హియర్లకీ ఇంతే. అది చెప్పడానికే ముందుగా ఖాళీ రాసిపెట్టాను. "ది విజిటర్స్ వర్ మేడ్ డాష్ ఎట్ ది గేట్." బ్రాకెట్లో వెయిట్.

నేను నోరు విప్పకముందే బాబాయి లేచాడు. ముఖంలో పదేళ్ళు తగ్గాయి.

"టూ వెయిట్," అన్నాడు.

ఒప్పు. తిరుగులేని ఒప్పు. ఆ వరండా పుట్టాక అంత కష్టమైన ఒప్పు ఎవరూ చెప్పలేదు.

"మళ్ళీ పెట్టీసేడ్రోయ్!" అని క్రేన్ ఆపరేటరు అరిచాడు. ముగ్గురి నోళ్ళూ నాకేసి తిరిగి తెరుచుకున్నాయి. నా చెయ్యి చూడండి, నా ఈ కుడిచెయ్యి, ఆపమని లేవాల్సిన చెయ్యి, మొదలుపెట్టమని లేచింది. అలాంటి భోంగా నేను మళ్ళీ వినలేదు. క్రేన్ ఆపరేటరు కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాడు.

"కాదు బాబూ," అన్నాడు బాబాయి ఆ హోరులోనే. "మా పాప గ్రామర్ బుక్కులో సూసేను..."

"పాప బుక్కు పాపకి, మన పరీక్ష మనకి," అన్నాను. బాగా పేలింది. ఇంకోసారి నవ్వారు. అలా నవ్వుతున్నప్పుడు, నేనే తప్పు, ఆయనే ఒప్పు అని చెప్పాలంటే ఎంత పెద్ద మనసుండాలి? నాకు అంత సైజు దొరకలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. బాబాయి కూర్చుని, నోటు పుస్తకంలో ఆ టూ మీద గీత కొట్టాడు. కాగితం చిరిగేంత గట్టిగా కొట్టాడు. రేపు చెప్పలేదు. ఎల్లుండీ చెప్పలేదు.

పరీక్ష అయింది. జాబితా అంటించారు. క్రేన్ ఆపరేటరు పాస్. బాబాయి ఒక్క మార్కు కింద ఆగిపోయాడు.

ప్రశ్నపత్రం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. తను రాసిన జవాబులన్నీ దాని మీదే పెన్సిలుతో గుర్తుపెట్టుకున్నాడు. ఒక్కో ఖాళీ చూసుకుంటూ వచ్చాను. ఒక చోట "ది న్యూ వర్కర్ వజ్ మేడ్ డాష్ ది ఫారమ్ ట్వైస్" అని ఉంది. బ్రాకెట్లో ఫిల్. పెన్సిలుతో టూ ఫిల్ అని ఉంది. టూ మీద గీత ఉంది.

"ఇక్కడేటి రాయాల బాబూ?"

అబద్ధాలు రకరకాలు. నాది అన్నిటికంటే చవక రకం. "హెల్ప్ చెప్పాను కదా బాబాయ్, ఇది కూడా అలాంటిదే. రెండూ ఒప్పే. దిద్దినవాడు పొరపాటు పడ్డాడు."

ఆయన ముఖం వెలిగింది చూడండి, మా వీధి దీపాలు సిగ్గుపడ్డాయి. "అయితే నా మార్కు నాకు రావాల! అర్జీ రాసీ బాబూ."

రాశాను. ఏం చెయ్యను, తప్పించుకోవడానికి ఉన్న తలుపు నేనే మూసేశాను. అది అర్జీ కాదు, రథయాత్ర. హంబ్లీ, కైండ్లీ, గ్రేషస్లీ, ఉన్నవన్నీ గుర్రాలుగా కట్టాను. రేపు నువ్వు కూడా రా, ఆఫీసరు దగ్గర నువ్వయితే మాటాడగలవు, అన్నాడు బాబాయి. వస్తానన్నాను. మర్నాడు పొద్దున్న పిన్నే పిలవడానికి వచ్చింది. కడుపునొప్పని మా అమ్మచేత చెప్పించి, గదిలో మంచం మీద పడుకుని, పిన్ని మాటలు విన్నాను. "వాము నమలమను బాబుని," అంది పాపం.

బాబాయి ఒక్కడే వెళ్ళాడు.

అక్కడ జరిగింది నాకు చెప్పినవాడు క్రేన్ ఆపరేటరు. కొత్త కుర్చీ కాగితాల కోసం అదే గదిలో ఉన్నాడట. సాయంత్రం వచ్చి, మోకాలి మీద కొట్టుకుంటూ, గొంతులు మార్చి మార్చి ఆడి చూపించాడు.

ఆఫీసరు తెలుగాయనే. అర్జీ చదివి, గ్రామర్ పుస్తకం తెప్పించి, ఆ పేజీ తీసి ముందు పెట్టాడట. వజ్ మేడ్ తర్వాత టూ ఉండి తీరాలి. బాబాయి ఆ పేజీని వేలు పెట్టి చదివాడట. తన కూతురి దగ్గర ఉన్నదీ అదే పుస్తకం.

"రెండూ ఒప్పేనని మీకెవరు చెప్పారండీ?" అని అడిగాడట ఆఫీసరు.

"ఎవులూ లేరు సార్. నానే సదూకున్నాను."

"ఈ అర్జీ రాసిందెవరు?"

"నానే సార్."

"ఇంత ఇంగ్లీషు వచ్చినవారు ఫెయిలవడమేమిటి? ఒక్క వాక్యం నా ముందు రాయండి, చూస్తాను," అని తెల్లకాగితం జరిపాడట.

"రాసేడేటి?" అన్నాను. నాకు తెలియకుండానే వాళ్ళ యాస నా నోట్లోకి వచ్చింది.

క్రేన్ ఆపరేటరు నవ్వు ఆపుకోలేక కాసేపు గోడకి ఆనుకున్నాడు. "అయిదు నిమిషాలు సెమటలు కక్కీసి, అప్పుడు రాసేడు మాస్టారూ. 'సర్, లెట్ మి గో' అని! టూ లేదు, ఏటీ లేదు. కరెక్టేనా?"

"కరెక్టే," అన్నాను.

మర్నాడు ఏ షిఫ్టుకి బాబాయి మళ్ళీ ఓవెన్ల దగ్గరికి వెళ్ళాడు. నేను ఆ వరండాలో ఇంకో మూడేళ్ళు ట్యూషను చెప్పాను. రెండు బ్యాచ్‌లు పాసయ్యాయి. దారిలో కనపడితే బాబాయి సైకిలు ఆపి దిగేవాడు, దగ్గు తగ్గేదాకా హేండిలు పట్టుకుని నిలబడేవాడు.

"కడుపునొప్పి తగ్గిందా బాబూ?" అని అడిగాడు మొదటిసారి కనపడినప్పుడు. ఎకసెక్కం కాదు. నిజంగానే అడిగాడు.