డి నుంచి టి

చిలకలగూడలో నేను పాఠాలు చెప్పే పాలిటెక్నిక్‌లో డిజిటల్ ల్యాబ్ సప్లిమెంటరీ పరీక్ష అంటే నాకు పెద్దగా ఇష్టం ఉండదు. ఫెయిలైనవాళ్ళు వస్తారు, బట్టీ పట్టిన సర్క్యూట్ కళ్ళు మూసుకుని గీసేస్తారు, వెళ్ళిపోతారు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వేరే కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన మాత్రం ఆ రోజు కుర్చీలో కూర్చోకుండా బల్లల మధ్య తిరుగుతున్నాడు. అదే నాకు నచ్చలేదు.

ఆ రోజు ఒక అమ్మాయి నా దృష్టిలో పడింది. సీతాఫల్‌మండి నుంచి వచ్చేది. ఆమెకు మిగిలింది ఈ ఒక్క ల్యాబే. చర్లపల్లిలో కరెంటు మీటర్లు తయారుచేసే కంపెనీ టెస్టింగ్‌లో ఉద్యోగం ఇస్తామంది. డిప్లొమా పాసైతేనే. ఆ సంగతి పొద్దున వరండాలో నాకు చెప్పి, "మేడమ్, ఈసారి పోతే వాళ్ళు ఇంకొకల్లని తీస్కుంటరట" అంది.

ప్రశ్న చీటీ తీసింది. డి ఫ్లిప్-ఫ్లాప్‌ని టి ఫ్లిప్-ఫ్లాప్‌గా మార్చాలి. రెండూ ఒక్క బిట్‌ని గుర్తుపెట్టుకునేవే. క్లాక్ పల్స్ పడగానే డి మనం ఇచ్చినదాన్ని అలాగే తీసుకుంటుంది. టికి ఒకటి ఇస్తే ఉన్నదాన్ని తిరగేస్తుంది, సున్నా ఇస్తే కదలదు. మార్చే పద్ధతి కూడా కష్టం కాదు. కావలసిన టి ఎలా నడవాలో ఎడమవైపు రాసుకోవాలి. అలా నడవాలంటే చేతిలో ఉన్న డికి ఏం ఇవ్వాలో ఎక్సైటేషన్ టేబుల్ చూసి కుడివైపు నింపాలి. టిని, ప్రస్తుతం గుర్తున్న బిట్‌ని, అంటే క్యూని, ఎక్స్-ఆర్ గేటుకు ఇచ్చి, వచ్చినదాన్ని డికి కలిపితే సరి.

ఆమె సర్క్యూట్ మొదటిసారే పనిచేసింది. టి స్విచ్ పైకి వేస్తే క్లాక్ నొక్కిన ప్రతిసారీ బల్బు మారుతోంది, కిందికి వేస్తే ఉన్నట్టే ఉంటోంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

పెద్దాయన మాత్రం ఆమె పేపరు చేతిలోకి తీసుకున్నాడు. "ఏందమ్మా ఇది? ఎడమకు డి రాసినవ్, కుడికి టి రాసినవ్. ఉల్టా చేసినవ్ గదా."

నేనూ చూశాను. నిజమే. ఆమె లెక్క టిని డిగా మార్చేది. కానీ ఎక్స్-ఆర్‌తో వచ్చిన తంటా ఇదే. ఎటు నుంచి చేసినా అదే గేటు వస్తుంది. ఆమె సమీకరణంలో టి, డి ఒకదాని చోట ఒకటి ఉన్నాయి, అంతే. ఆ తేడా సర్క్యూట్‌లో కనబడదు.

"సర్క్యూట్ నడుస్తుంది గద సార్" అంది ఆమె.

"నడుస్తుంది. నీకు తెలిసి నడుస్తుందా, తెల్వక నడుస్తుందా?" అన్నాడాయన. "గదే డిని జెకెగా మార్చు. చూస్త."

జెకె అంటే జె, కె అని రెండు ఇన్‌పుట్‌లుండే ఇంకో రకం ఫ్లిప్-ఫ్లాప్. నాకు ఒళ్ళు మండింది. చీటీలో లేని ప్రశ్న అడగడం ఏమిటి? అయినా నోరు మెదపలేదు. మార్కులు వేసేది ఆయన.

ఆమె మళ్ళీ అదే దారి పట్టింది. ఎడమవైపు డి, కుడివైపు జె, కె. జె అంటే డి, కె అంటే డికి వ్యతిరేకం అని తేల్చేసింది. ఇక్కడ ఎక్స్-ఆర్ ఆదుకోదు. ఇది జెకెని డిగా మార్చేది, పూర్తిగా వేరే సర్క్యూట్. ఇక అయిపోయిందనుకున్నాను.

ఆమె వైరు తీసుకుంది. ఒక కొస స్విచ్‌లో గుచ్చి, రెండో కొస పట్టుకుని చిప్ మీద వెతికింది. అటూ ఇటూ చూసింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"సార్, దీనికి జె పిన్నే లేదు."

వైరు కింద పెట్టి పేపరు ముందుకు లాక్కుంది.

"నా దగ్గరున్నది డి. జె, కె నేను స్విచ్‌ల కెల్లి ఇయ్యాలె. డికి ఏం పోవాల్నో గదా నేను లెక్క చెయ్యాల్సింది!"

టేబుల్ కొట్టేసి కొత్తది గీసింది. ఈసారి జె, కె ఎడమకు వెళ్ళాయి, డి కుడికి వచ్చింది. జెతో క్యూ బార్, కె బార్‌తో క్యూ, రెండూ కలిపితే డి; బార్ అంటే దానికి వ్యతిరేకం. సరిగ్గా వచ్చింది. ఆపైన ఎవరూ అడగకుండానే మొదటి పేజీ తిప్పి, పనిచేస్తున్న సర్క్యూట్ తాలూకు టేబుల్‌ని కూడా అడ్డంగా కొట్టేసి సరిగ్గా రాసింది. నాకు నిజంగా ముచ్చటేసింది. ఆయన మీది కోపం కూడా కొంత తగ్గింది.

పరీక్ష గదిలో మార్కులు చెప్పకూడదు. ఆమె మాత్రం కదల్లేదు. "సార్..." అని నీళ్ళు నమిలింది.

ఆయన పేపరు మీద సంతకం చేసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఉద్యోగం ఏడనమ్మా?"

"చర్లపల్లి సార్. పాసైతే."

"ఫస్ట్ షిఫ్ట్ తెల్లారకముందే షురూ అయితది. జెర పొద్దుగాల లేసుడు అలవాటు చేస్కో."

నాకు అర్థమయ్యేలోపే ఆమె బల్ల మీద తల ఆనించి ఏడ్చేసింది.